గుర్రం దిగని యోధులు: మామ్లూకులను తుపాకీ ఎలా ఓడించింది?

1516 ఆగస్టు 24న సిరియాలోని అలెప్పో నగరానికి ఉత్తరాన, మర్జ్ దాబిక్ అనే మైదానంలో రెండు ముస్లిం సామ్రాజ్యాలు తలపడ్డాయి. ఒక పక్క ఈజిప్టు, సిరియాలను ఏలుతున్న మామ్లూకులు, అంటే బానిసలుగా కొనితెచ్చి తీర్చిదిద్దిన యోధులు. మరో పక్క ఇస్తాంబుల్ నుంచి వచ్చిన ఒట్టోమాన్ సుల్తాను మొదటి సెలీమ్. కొన్ని గంటల్లోనే యుద్ధం తేలిపోయింది. వృద్ధుడైన మామ్లూక్ సుల్తాను ఖాన్సూ అల్ ఘౌరీ రణరంగంలోనే కుప్పకూలి చనిపోయాడు, ఆయన శవం కూడా దొరకలేదు. ఐదు నెలలు తిరగకముందే కైరో పడిపోయింది. రెండున్నర శతాబ్దాలకు పైగా సాగిన రాజ్యం అంతటితో ముగిసింది.

ఈ ఓటమికి చాలాచోట్ల వినిపించే కారణం ఒక్కటే: మామ్లూకులు వీరులే కానీ మొండివాళ్లు, కత్తినీ విల్లునీ పట్టుకుని వేలాడారు, తుపాకీని చిన్నచూపు చూశారు, అందుకే నాశనమయ్యారు. వినడానికి బాగుంటుంది కానీ ఇది సగం నిజమే. తుపాకీమందు గురించి వాళ్లకు తెలుసు. ఫిరంగులు పోతపోయించారు, తుపాకులు తెప్పించారు. అయినా ఓడిపోయారు. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ముందు ఒక మామ్లూకు ఎలా తయారయ్యేవాడో చూడాలి.

ఢిల్లీని ఏలిన బానిస వంశం గురించి మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఈజిప్టు మామ్లూకులది కూడా అదే కోవకు చెందిన ఏర్పాటు, కాకపోతే అక్కడ అది మరింత పకడ్బందీగా నడిచింది. నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిభూముల నుంచి కిప్చాక్ తురుష్కుల పిల్లలను, 14వ శతాబ్దం చివరి నుంచి ఎక్కువగా కాకసస్ ప్రాంతపు సర్కాసియన్ పిల్లలను వర్తకులు కొని కైరోకు తెచ్చేవారు. సుల్తాను కొన్నవారిని నగరం పైనున్న కోటలోని శిక్షణ శాలల్లో ఉంచేవారు. వాటిపై నపుంసకులు కాపలా ఉండేవారు. పిల్లలకు మొదటి పాఠం ఆయుధం కాదు. ఒక మతగురువు వచ్చి అరబిక్ అక్షరాలు, ఖురాన్, ప్రార్థన నేర్పేవాడు. ఈడు వచ్చాకే యుద్ధవిద్య మొదలయ్యేది. దాన్ని ఫురూసియ్యా అనేవారు. గుర్రపు స్వారీ, విలువిద్య, బల్లెం, కత్తి అన్నీ అందులో భాగాలే.

స్వారీ నేర్పడం మట్టితోనో చెక్కతోనో చేసిన బొమ్మ గుర్రంతో మొదలయ్యేది. ముందు దానిపైకి చక్కగా దూకడం రావాలి, తర్వాత కవచం వేసుకుని, ఆయుధాలు తగిలించుకుని దూకడం రావాలి. ఆ తర్వాత జీను లేని నిజమైన గుర్రం, చివరికి జీనుతో స్వారీ. కత్తి సాధన బల్లపై పేర్చిన తడి మట్టి ముద్ద మీద జరిగేది. మొదటి రోజు పాతిక వేట్లు, ఆపైన రోజురోజుకీ పెంచుకుంటూ వెయ్యి వేట్ల దాకా వెళ్లాలని ఆనాటి శిక్షణ గ్రంథాలు చెబుతాయి. బలంగా కొట్టడం వస్తే చాలదు. ఎంత లోతున తెగాలో అంత లోతునే ఆపడం కూడా రావాలి. అందుకే మెత్త మీద కాగితాలు పేర్చి, పైనున్న కొన్నిటినే కోసి కింది వాటికి గీత కూడా పడకుండా చూడమనేవారు.

అన్నిటికంటే కష్టమైనది విల్లు. కొమ్ము, చెక్క, జంతువుల నరాలు అతికించి చేసే ఆ పొట్టి విల్లును లాగడానికే ఏళ్ల తరబడి కండ పెంచుకోవాలి. మెత్తని విల్లుతో మొదలుపెట్టి క్రమంగా గట్టి విల్లుకు మారేవారు. అది కుదిరాక పరుగెత్తే గుర్రంపై నుంచి వేయడం నేర్చుకోవాలి. అంటే రెండు చేతులూ విల్లుకే అంకితం, గుర్రాన్ని నడపాల్సింది మోకాళ్లతో. నేర్పరి అయిన విలుకాడు 70 మీటర్ల దూరంలో మీటరు కూడా లేని గురిని తప్పకుండా కొట్టాలన్నది అప్పటి ప్రమాణం. ఈ నైపుణ్యాన్ని జనం ముందు ప్రదర్శించే ఆట ఒకటి ఉండేది. మైదానం మధ్యలో ఎత్తయిన స్తంభం నాటి, దాని కొనన బంగారు లేదా వెండి సొరబుర్ర కట్టి, అందులో పావురాన్ని ఉంచేవారు. రౌతు గుర్రాన్ని దౌడు తీయిస్తూ స్తంభం కిందికి వచ్చి, వెనక్కి వాలి, పైకి బాణం వేయాలి. బుర్ర పగిలి పావురం ఎగిరితే ఆ బుర్ర అతనిదే, పైగా సుల్తాను నుంచి గౌరవ వస్త్రం. సుల్తాను బైబర్స్ 13వ శతాబ్దంలో ఈ ఆట కోసమే ప్రత్యేకంగా మైదానం కట్టించాడు.

శిక్షణ పూర్తయిన రోజు కుర్రవాడికి గుర్రం, ఆయుధాలు, వాటితో పాటు బానిసత్వం నుంచి విముక్తి పత్రం చేతికి వచ్చేవి. అప్పటి నుంచి అతను స్వతంత్రుడు, పాలక వర్గంలో ఒకడు. తనను కొని, పెంచి, విడిపించిన యజమాని అతనికి తండ్రితో సమానం, తోటి శిక్షితులు అన్నదమ్ములు. పైకి ఎదిగినవాడు అమీరయ్యేవాడు. పది మంది రౌతులకు, నలభై మందికి, వంద మందికి అధిపతి అంటూ మెట్లు ఉండేవి. ఆ హోదాకు తగ్గట్టు ఇక్తా దక్కేది, అంటే కొన్ని గ్రామాల శిస్తు వసూలు చేసుకునే హక్కు. ఆ రాబడితోనే అతను తన రౌతులను, గుర్రాలను పోషించాలి. విజయనగరంలో అమరనాయకులకు భూములిచ్చి సైన్యాన్ని నిలపమన్న పద్ధతి గుర్తుకు రావచ్చు. కానీ ఒక పెద్ద తేడా ఉంది. మామ్లూకు ఇక్తా కొడుక్కి పోదు. ఈజిప్టులో స్వతంత్రుడిగా పుట్టిన కొడుకు మామ్లూకు కాలేడు, ఎప్పటికప్పుడు కొత్త పిల్లలను కొనుక్కు రావలసిందే. అంటే ప్రతి తరమూ మొదటి నుంచి మొదలుపెట్టి శిక్షణ పొందిన తరమే.

ఈ ఏర్పాటు ఏ స్థాయి సైన్యాన్ని ఇచ్చిందో 1260 సెప్టెంబరు 3న ఐన్ జాలూత్‌లో లోకం చూసింది. బాగ్దాద్‌ను నేలమట్టం చేసి వచ్చిన మంగోలులను అక్కడ మామ్లూకులు ఓడించారు. బైబర్స్ ముందు దళంతో వెళ్లి, ఓడి పారిపోతున్నట్టు నటించి, మంగోలులను కొండల మధ్యకు లాక్కొచ్చాడు. అక్కడ పొంచి ఉన్న ప్రధాన సైన్యం వారిని చుట్టుముట్టింది. రెండు పక్షాలదీ గుర్రంపై నుంచి బాణం వేసే పద్ధతే. కానీ మంగోలు రౌతు పచ్చిక మేసే పొట్టి గుర్రాలను మార్చుకుంటూ, వచ్చి కొట్టి పోయే రకం. మామ్లూకుది దాణా తిని బలిసిన పెద్ద గుర్రం, మంచి కవచం, నిలబడి గురి చూసి వేయగల శిక్షణ. బాణాల తర్వాత బల్లెం, ఆ తర్వాత కత్తి, ఇలా వరుసగా అన్ని విద్యలూ ఒకే మనిషిలో ఉండటం వాళ్ల అసలు బలం.

ఆ బలం చాలా ఖరీదైనది, చాలా నిదానంగా తయారయ్యేది కూడా. 1347లో ఈజిప్టుకు చేరిన మహమ్మారి ప్లేగు ఈ బలహీనతను బయటపెట్టింది. ఆ తర్వాత కూడా అది తరచూ తిరిగొచ్చింది. దూరదేశాల నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాళ్లే శిక్షణ శాలల్లో ఎక్కువగా రాలిపోయారు. పల్లెల్లో రైతులు చనిపోవడంతో ఇక్తాల రాబడి పడిపోయింది. ఖాళీలు నింపడానికి సుల్తానులు తొందరపడ్డారు. 15వ శతాబ్దపు చరిత్రకారుడు మక్రీజీ ఈ దిగజారుడును చూసి ఎంతో బాధపడ్డాడు. పిల్లలకు బదులు పెద్దవాళ్లను కొంటున్నారని, వాళ్లు తమ దేశంలో పడవ నడిపినవారో, రొట్టెలు కాల్చినవారో, నీళ్లు మోసినవారో అని, శిక్షణ శాలల్లో పాత క్రమశిక్షణ లేదని రాశాడు. ఘౌరీ గద్దె ఎక్కే నాటికి కొత్తగా కొన్న మామ్లూకులు జీతాల కోసం కైరో వీధుల్లో అల్లర్లు చేయడం మామూలైపోయింది. మర్జ్ దాబిక్‌లో ఓడింది ఐన్ జాలూత్ నాటి సైన్యం కాదు. ఈ సంగతి మరచిపోతే తుపాకీకి ఇవ్వవలసిన దానికంటే ఎక్కువ ఘనత ఇచ్చినట్టవుతుంది.

ఇక తుపాకీమందు విషయం. సూరేకారాన్ని శుద్ధి చేయడం ఎలాగో, గంధకం, బొగ్గులతో ఎంత పాళ్లలో కలపాలో 13వ శతాబ్దంలోనే వివరంగా రాసిన వాళ్లలో హసన్ అల్ రమ్మాహ్ ఒకడు. ఆయన ఎవరో కాదు, బల్లెం విద్యలో పేరుమోసిన ఫురూసియ్యా గురువు. అంటే ఈ జ్ఞానం బయటి నుంచి వచ్చిపడినది కాదు, యుద్ధవిద్య నేర్పే గురువు చేతుల్లోనే ఉంది. 14వ శతాబ్దం రెండో సగానికల్లా మామ్లూకులు కోటల ముట్టడిలో ఫిరంగులు వాడుతున్నారు. దానికి ఏ అమీరూ అభ్యంతరం చెప్పలేదు. ఎందుకంటే ఫిరంగి పని చేసేది గోడ దగ్గర. దాన్ని పేల్చేది కూలికి కుదిరిన పనివాడు. మైదానంలో మామ్లూకు స్థానానికి దానివల్ల లోటేమీ రాలేదు.

చిక్కంతా చేతి తుపాకీతో వచ్చింది. ఆనాటి తుపాకీ పేల్చడం ఎలా ఉండేదో ఊహించుకుంటే అది ఎందుకో తెలుస్తుంది. గొట్టంలో మందు పోయాలి, గుండు వేయాలి, కడ్డీతో దట్టించాలి, పక్కనున్న చిన్న పళ్లెంలో సన్నమందు పోసి మూయాలి, రగులుతున్న వత్తిని బిగించాలి, ఇంత చేసి అప్పుడు గురి చూడాలి. ఇంతసేపూ రెండు చేతులకూ పనే. వత్తి నిప్పు మందుకు తగలకుండా చూసుకోవాలి. కదులుతున్న గుర్రం మీద ఇది జరిగే పని కాదు. కాబట్టి తుపాకీ పట్టాలంటే గుర్రం దిగాలి. గుర్రం దిగిన మామ్లూకు ఏమవుతాడు? అతని హోదా, జీతం, గుర్రపు దాణా బత్తెం, ఇక్తా, చిన్నప్పటి నుంచి పడిన శ్రమ, చివరికి అతన్ని సామాన్యుల నుంచి వేరు చేసే గుర్తింపు, అన్నీ గుర్రంతోనే ముడిపడి ఉన్నాయి. పోనీ మరొకరి చేతికి తుపాకీ ఇద్దామంటే, కొన్ని వారాల్లో తయారైన మనిషి పదేళ్లు తయారైన మనిషిని పడగొట్టగలడని ఒప్పుకున్నట్టే.

సుల్తానులు ఆ రెండో దారినే ప్రయత్నించారు. 1496లో గద్దెనెక్కిన యువ సుల్తాను నాసిర్ ముహమ్మద్ నల్లజాతి బానిసలతో తుపాకీ దళాన్ని పెంచాడు. 1498లో ఆ దళపు నాయకుడికి గౌరవ వస్త్రం తొడిగి, సర్కాసియన్ స్త్రీని ఇచ్చి పెళ్లి చేశాడు. మామ్లూకులు దాన్ని సహించలేకపోయారు. వాళ్లు ఆ దళంపై విరుచుకుపడి నాయకుడితో సహా చాలామందిని చంపారు. సుల్తాను ఇకపై ఇలాంటి పని చేయనని మాట ఇవ్వక తప్పలేదు. అదే ఏడాది ఆయన కూడా హత్యకు గురయ్యాడు. ఇక్కడ గొడవ ఆయుధం గురించి కాదు. ఆ ఆయుధం పట్టినవాడు తమ పక్కన కూర్చోవడం గురించి.

తర్వాత వచ్చిన ఘౌరీ మరింత జాగ్రత్తగా నడిచాడు. ఒక పక్క పాడుబడిన స్వారీ మైదానాన్ని బాగు చేయించి ఫురూసియ్యాకు మళ్లీ ప్రాణం పోయాలని చూశాడు. మరో పక్క పెద్ద ఎత్తున ఫిరంగులు పోతపోయించాడు. 1510 ప్రాంతంలో కొత్త తుపాకీ దళం పెట్టాడు. అందులో తుర్కమన్లు, పర్షియన్లు, సైన్యంలో ఎదిగే దారి లేని మామ్లూకుల కొడుకులు, చెప్పులు కుట్టేవారు, దర్జీలు లాంటి చేతిపనివారు చేరారు. వారి జీతం మామ్లూకుల జీతం కంటే తక్కువ. జీతాలు పంచే మామూలు నాలుగు రోజుల్లో వారిని కలపకుండా విడిగా ఐదో రోజు పెట్టడంతో దానికి ఐదో దళం అనే పేరే స్థిరపడింది. అయినా మామ్లూకుల గొణుగుడు ఆగలేదు. ఖజానాలో మా సొమ్ము వాళ్లకు పోతోందన్నది వాళ్ల వాదన. 1514లో సుల్తాను దాన్ని రద్దు చేసి, మళ్లీ పునరుద్ధరించవలసి వచ్చింది. ఈ దళం ఎర్రసముద్రం వైపు పోర్చుగీసు నౌకలను ఎదుర్కోవడానికి పోయింది. ఫిరంగుల్లో చాలా భాగం తీరపు కోటలకు చేరింది. సిరియాకు బయల్దేరిన ప్రధాన సైన్యం మాత్రం పాత పద్ధతిలోనే, గుర్రాలపైనే కదిలింది.

మర్జ్ దాబిక్‌లో ఎదురుగా నిలిచిన సెలీమ్ సైన్యం అప్పటికి రెండేళ్ల ముందే, 1514లో చాల్దిరాన్ దగ్గర ఇరాన్ షా ఇస్మాయిల్ గుర్రపు దళాలపై ఇదే తరహా యుద్ధం గెలిచి వచ్చింది. దాని ఏర్పాటు చూడటానికి సులువు. బండ్లను గొలుసులతో కట్టి అడ్డుగోడలా నిలిపారు, వాటి సందుల్లో ఫిరంగులు, వెనక తుపాకులు పట్టిన జానిసారీలనే సుల్తాను కాల్బలం, రెండు వైపులా గుర్రపు దళాలు. నింపడానికి సమయం పట్టే తుపాకీకి గుర్రాల దాడి నుంచి రక్షణ కావాలి. ఆ బండ్లు ఇచ్చింది ఆ సమయమే. అడ్డు లేకపోతే, వాన పడి వత్తి ఆరిపోతే అదే తుపాకీ పనికిరాని కర్ర.

అయినా మామ్లూకుల మొదటి దాడి ఒట్టోమాన్ వరుసలను నిజంగానే కుదిపింది. దాడిలో ముందున్నవారు పాత తరం అనుభవజ్ఞులు. తాను కొన్న కొత్త మామ్లూకులను సుల్తాను వెనక నిలిపాడు. మమ్మల్ని చావుకు పంపి తన వాళ్లను దాచుకుంటున్నాడన్న మాట వరుసల్లో పాకింది, దాడి ఊపు తగ్గింది. అదే సమయంలో ఎడమ పక్షాన ఉన్న అలెప్పో పాలకుడు ఖాయిర్ బే తన దళంతో తప్పుకున్నాడు. అతను ముందే సెలీమ్‌తో కుమ్మక్కయ్యాడు, ఆ తర్వాత ఒట్టోమానుల తరఫున ఈజిప్టును ఏలింది కూడా అతనే. కాబట్టి ఆ రోజు గెలుపులో ఫిరంగికి ఎంత వాటా ఉందో, లోపలి చీలికకూ అంత వాటా ఉంది. కానీ ఆ చీలిక ఎక్కడి నుంచి వచ్చిందో గమనించాలి. యజమానికే విధేయత అన్న సూత్రం మీద నిలిచిన సైన్యంలో చనిపోయిన సుల్తానుల మామ్లూకులు, బతికున్న సుల్తాను మామ్లూకులు ఎప్పటికీ రెండు వేర్వేరు వర్గాలే.

కైరోలో కొత్త సుల్తాను తూమాన్ బే ఆ పాఠాన్ని వెంటనే అందుకున్నాడు. బండ్ల మీద ఫిరంగులు ఎక్కించాడు, తుపాకీ మనుషులను పోగుచేశాడు, నగరం వెలుపల రిదానియా వద్ద కందకం తవ్వించి భారీ ఫిరంగులను శత్రువు వచ్చే దిక్కుకు పాతించాడు. 1517 జనవరి 22న ఒట్టోమానులు ఆ దిక్కున రానే లేదు. ముందే సమాచారం అందడంతో ముఖత్తమ్ కొండ వైపు నుంచి చుట్టి వచ్చారు. పాతిన ఫిరంగులను తిప్పడం కుదరలేదు. తూమాన్ బే కత్తి దూసి ఎంపిక చేసిన రౌతులతో శత్రువుల నడిబొడ్డులోకి దూసుకెళ్లాడు. ఆ దాడిలో ఒట్టోమాన్ ప్రధానమంత్రి సినాన్ పాషా చనిపోయాడు, యుద్ధం మాత్రం పోయింది. ఏప్రిల్‌లో తూమాన్ బేను కైరో నగర ద్వారానికి ఉరితీశారు. ఫిరంగులు కొనడం ఒకటి, వాటిని కదిలిస్తూ పోరాడే సైన్యాన్ని తయారు చేయడం మరొకటి. రెండోది నాలుగు నెలల్లో అయ్యే పని కాదు.

ఒట్టోమానులకు అది ఎలా సాధ్యమైంది? జానిసారీలు కూడా చిన్నప్పుడే పట్టుకొచ్చి, ఇస్లాంలోకి మార్చి పెంచిన బానిస సైనికులే. రెండు రాజ్యాల పద్ధతీ దాదాపు ఒకటే. తేడా అల్లా జానిసారీ మొదటి నుంచీ కాలినడక సైనికుడు కావడం, అతని జీతం ఖజానా నుంచి రావడం. తుపాకీ చేతికి వచ్చినప్పుడు అతను పోగొట్టుకునేది ఏదీ లేదు. పైగా ఒట్టోమాన్ సుల్తాను తనే జానిసారీ కాదు. మామ్లూకు సుల్తాను మాత్రం తోటి మామ్లూకుల మధ్య నుంచి ఎదిగి, వాళ్ల ఇష్టం మీద గద్దెపై నిలిచేవాడు. తన వర్గాన్ని తక్కువ చేసే సంస్కరణ అతను ఎంత దూరం తీసుకెళ్లగలడు? భూమి శిస్తుపై బతికే గుర్రపు రౌతులు ఒట్టోమానులకూ ఉన్నారు. వాళ్ల ప్రాధాన్యం కూడా తర్వాతి వందేళ్లలో ఇదే కారణంతో తగ్గిపోయింది, కాకపోతే పక్కనే మరో సైన్యం ఉంది కాబట్టి రాజ్యం నిలిచింది.

మామ్లూకులు 1517తో మాయమైపోలేదు. ఒట్టోమాన్ పాలన కింద వాళ్ల కుటుంబ వర్గాలు మళ్లీ తలెత్తి, 18వ శతాబ్దానికి ఈజిప్టును దాదాపు సొంతంగా ఏలాయి. ఈ కాలంలో వాళ్లు తుపాకీని కూడా చేపట్టారు. వత్తి అవసరం లేని కొత్త తుపాకులు గుర్రం మీద నుంచి పేల్చడానికి పనికొచ్చాయి. 1798 జూలై 21న కైరో ఎదురుగా నైలు నది ఒడ్డున ఎంబాబా దగ్గర నెపోలియన్‌ను ఎదుర్కొన్నప్పుడు ఒక్కో మామ్లూకు దగ్గర పొట్టి తుపాకీ, పిస్తోళ్లు, వంపు కత్తి ఉన్నాయి. పేల్చిన పిస్తోలును విసిరేస్తే వెనక వచ్చే సేవకుడు ఏరుకునేవాడు. మనిషికి మనిషి పోలిస్తే వాళ్లే ఎక్కువ ఆయుధాలున్నవారు, ఎక్కువ నేర్పున్నవారు. కానీ ఫ్రెంచి సైనికులు మనిషికి మనిషిగా పోరాడలేదు. ఐదు డివిజన్లు చతురస్రాలుగా నిలబడి, మూలల్లో ఫిరంగులు పెట్టి, ఆజ్ఞ వచ్చేదాకా ఆగి, దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా పేల్చాయి. బయోనెట్ల గోడ మీదికి గుర్రం దూకదు. మామ్లూకులు చతురస్రాల చుట్టూ తిరుగుతూ పక్కల నుంచి కాల్పులకు గురయ్యారు. ఫ్రెంచి పక్షాన చనిపోయింది ముప్పై మంది లోపే.

మామ్లూకుల చివరి అధ్యాయం యుద్ధరంగంలో జరగలేదు. ఈజిప్టు గవర్నర్‌గా నిలదొక్కుకున్న ముహమ్మద్ అలీ 1811 మార్చి 1న మామ్లూకు నాయకులను కైరో కోటలో ఉత్సవానికి పిలిచి, వాళ్లు తిరిగి వెళ్తుండగా ఇరుకు దారిలో తలుపులు మూయించి, పైనుంచి కాల్పించి చంపించాడు. 1820లలో అస్వాన్‌లో ఫ్రెంచి అధికారి సేవ్ ఆధ్వర్యంలో కొత్త సైన్యానికి అధికారులను తయారుచేసే శిబిరం తెరిచాడు. అక్కడ మొదట చేరిన విద్యార్థులు ముహమ్మద్ అలీ సొంత మామ్లూకు యువకులే. వాళ్లకు అప్పగించిన సైనికులు మాత్రం ఈజిప్టు పల్లెల నుంచి బలవంతంగా చేర్చుకున్న రైతులు, అంటే ఇన్ని శతాబ్దాలూ పాలకులకు శిస్తు కట్టి, ఆయుధానికి దూరంగా ఉంచబడిన జనం. 1832 డిసెంబరు 21న కోన్యా దగ్గర ఆ రైతు సైన్యమే ముహమ్మద్ అలీ కొడుకు ఇబ్రహీం పాషా నాయకత్వంలో ఒట్టోమాన్ సైన్యాన్ని చిత్తుగా ఓడించి, వాళ్ల ప్రధానమంత్రిని బందీగా పట్టుకుంది.